యాభై శాతం సక్సెస్ అంటరు.. ఎంతమందిల?

పట్నం పోయే తొవ్వపొంటి సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులే. ‘సక్సెస్ రేటు 50 శాతం’ అని పెద్ద అక్షరాలల్ల ఉంటది. గా అంకె చూసి భూమి అమ్మినోళ్లు, బంగారం కుదువవెట్టినోళ్లు మన ఊర్లల్ల ఉన్నరు. శాతం ఎంత అని కాదు, ఎంతమందిల లెక్కగట్టిండ్రని అడుగుండ్రి.

సమజ్ కావాలని నేనే ఒక లెక్క చెప్త. ఒక సెంటర్ల 100 మంది ఆడోళ్లు ఐవీఎఫ్ మొదలువెట్టిండ్రు అనుకుందాం. దగ్గర దగ్గర పది, పన్నెండు రోజులు సూదులు. 10 మందికి అండాలు సరిగ పెరగక మధ్యల్నే ఆపిండ్రు. 90 మందికి అండాలు తీసిండ్రు. అండ్ల 20 మందికి పిండం తయారు కాలే, అయినా నిలవలే. ఆఖరికి పిండాన్ని గర్భంల పెట్టింది, అంటే ట్రాన్స్‌ఫర్ చేసింది, 70 మందికి. 35 మందికి రక్తపరీక్ష పాజిటివ్ అచ్చింది. 7గురికి గర్భం నిలవలే. 28 మంది బిడ్డను ఎత్తుకున్నరు.

ఇగ చూడుండ్రి. 70ల 35, అదే బోర్డు మీది 50 శాతం. పాజిటివ్‌నే సక్సెస్ అన్నరు. బిడ్డ పుట్టిందే లెక్కవెడితే ట్రాన్స్‌ఫర్ అయినోళ్లల్ల 40 శాతం. కని సూదులు మొదలువెట్టిన 100 మందిల 28 శాతమే. మూడూ అబద్ధం కాదు. అయితే మొదటి రోజు పైసలు కట్టేటప్పుడు మీరు ఆ 100 మందిల ఉంటరు, 70ల కాదు. ట్రాన్స్‌ఫర్ దాకా పోని 30 మందికి గూడ మందుల ఖర్చు పడ్డది. మధ్యల ఆపితే ఎంత కట్టాలె, ఎంత వాపస్ ఇస్తరో ముందుగాల్నే కాయిదం మీద రాపిచ్చుకోండ్రి.

పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాతి నెలల్ల పెడ్తే ఎట్ల? వాటితోని పుట్టిన బిడ్డను గూడ మొదలువెట్టిన సైకిల్ కిందనే కలుపాలె. కలిపిండ్రా లేదా అడుగుండ్రి.

ఇంకోటి, వయసు. 28 ఏండ్ల ఆమె లెక్క 40 ఏండ్ల ఆమెకు పనికిరాదు. దాత అండాలతోని చేసిన కేసులు కలిపితే అంకె ఇంకా పెరుగుతది. గందుకే ‘నా వయసోళ్లు, సొంత అండాలతోని, పోయినేడు ఎంతమంది మొదలువెట్టిండ్రు, ఎంతమందికి బిడ్డ పుట్టింది’ అని అడగాలె. శాతం అద్దు, రెండు అంకెలు చాలు. ఒక్కొక్కరికి ఎన్ని పిండాలు పెట్టిండ్రో గూడ అడుగుండ్రి. రెండు, మూడు పెడ్తే పాజిటివ్‌లు పెరుగుతయ్ గని, కవలలై నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు గూడ పెరుగుతది.

అమెరికాల 1992 చట్టం ప్రకారం ఒక్కో సెంటర్ లెక్కను సర్కారే బయటవెడ్తది. మనకు 2021 చట్టంతోని రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది గని, సెంటర్లను పోల్చి చూసుకునే అసొంటి పట్టిక జనం ముందట లేదు. రిజిస్ట్రేషన్ కాయిదం చూపియ్యమనుండ్రి. లెవల్ 1 అని ఉంటే ఆడ ఐవీఎఫ్ చెయ్యొద్దు, లెవల్ 2 ఉండాలె.