ఒకే పేరు, రెండు అట్టలు

నవల అట్ట మీది పేరును పాఠకుడు చదవడానికి ముందే చూస్తాడు. ఆ మొదటి చూపులో కంటికి అందేవి అక్షరాల లావు, వాటి మధ్య సందు, మూలల పదును, వంపుల మెత్తదనం. అర్థం ఆ తర్వాత వస్తుంది. ఒక్కో తరహా కథకు ఒక్కో తరహా అక్షరాలు ఏళ్ల తరబడి వేస్తూ రావడంతో, లోపల ఏముందో అక్షరాల వాలకాన్ని బట్టే ఊహించే అలవాటు పాఠకులకు కుదిరింది. టైటిల్ ఫాంటు ఎంచుకోవడమంటే ఆ అలవాటుతో మాట్లాడటం.

ఇంగ్లీషు థ్రిల్లర్ల అట్టల మీద సాధారణంగా కనిపించేవి లావుపాటి, ఇరుకైన క్యాపిటల్ అక్షరాలు. కొసల్లో అలంకారం ఉండదు. అట్ట వెడల్పంతా ఆక్రమించి, గోడలా నిలబడతాయి. ప్రేమ నవలల మీద పేరు చేతిరాతలా సాగుతుంది. ఒక అక్షరం తోక ఇంకో అక్షరాన్ని అందుకుంటుంది, గీత ఒకచోట లావై మరోచోట సన్నబడుతుంది. మొదటిది ఒత్తిడిని చూపిస్తే, రెండోది ఒక మనిషి చేతి జాడను చూపిస్తుంది.

ఈ సూత్రాన్ని తెలుగు అట్ట మీదికి ఉన్నదున్నట్టు దించడం కుదరదు. తెలుగులో క్యాపిటల్ అక్షరాలు లేవు. అక్షరాన్ని అక్షరంతో కలిపి రాసే పద్ధతి అచ్చులో వాడుకలో లేదు. పైగా ఇంగ్లీషు అక్షరాలు ఒక వరుసలో నిలబడితే, తెలుగు అక్షరాలు పైకి గుడులుగా, కిందికి వత్తులుగా పెరుగుతాయి. అందుకే తెచ్చుకోవలసింది ఇంగ్లీషు ఫాంటుకు నకలు కాదు, అది కలిగించే భావం. ఆ భావాన్ని మన అక్షరం నిర్మాణంలోనే వెతకాలి.

ఊహకు ఒక పేరు తీసుకుంటే విషయం తేలికవుతుంది: ‘చివరి ఉత్తరం’. హత్యకు ముందు రాసిన ఉత్తరమైతే థ్రిల్లర్, విడిపోయిన ప్రేమికుడు రాసినదైతే ప్రేమకథ. పేరు ఏదీ తేల్చదు, అక్షరాలే తేల్చాలి.

థ్రిల్లర్‌కు కావలసింది బరువు, ఇరుకు. ఏక్ టైప్ సంస్థ రూపొందించిన అనేక్ తెలుగు ఫాంటు ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇందులో లావును 100 నుంచి 800 దాకా, వెడల్పును 75 నుంచి 125 దాకా మార్చుకోవచ్చు. లావు 800, వెడల్పు 75 దగ్గర పెడితే అక్షరాలు దగ్గరగా, నిటారుగా బిగుసుకుంటాయి. ఇలా ఇరుకు కోసమే గీసిన రూపం లేని ఫాంటును కొందరు పక్కల నుంచి నొక్కి సన్నం చేస్తారు. అప్పుడు నిలువు గీతలు పలచబడతాయి, అడ్డ గీతలు మాత్రం అదే లావులో ఉండిపోతాయి. ‘ర’, ‘వ’ కోడిగుడ్లలా సాగుతాయి. లావు రూపం లేని ఫాంటుకు సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ నొక్కడం కూడా అలాంటి తప్పే: అక్షరం లోపలి ఖాళీ పూడిపోయి, దూరానికి సిరా మరకలా కనిపిస్తుంది.

తర్వాత వరుసలు. ‘చివరి’ పైన, ‘ఉత్తరం’ కింద పెడితే అదృష్టం కలిసివచ్చినట్టే. పై వరుసలో వత్తులు లేవు, కింది వరుసలో గుడులు లేవు. రెండు వరుసలనూ దాదాపు తాకేంత దగ్గరకు తేవచ్చు. థ్రిల్లర్ కోరే బిగువు అక్కడే పుడుతుంది. అదే ‘నిశ్శబ్ద రాత్రి’ అయితే పై వరుసలోని శ వత్తు, ద వత్తు కింది వరుసలోని దీర్ఘం మీదా గుడి మీదా పడతాయి. అప్పుడు వరుసల మధ్య ఎడం పెంచక తప్పదు, లేదా వత్తుల పరిమాణాన్ని విడిగా తగ్గించి గీయించాలి. థ్రిల్లర్‌కు పేరు పెట్టేటప్పుడే ఈ సంగతి చూసుకునే రచయితలు తక్కువ. చూసుకుంటే అట్ట గీసేవారి పని సగం తేలికవుతుంది.

పగుళ్లు, గాట్లు, చెరిగిన సిరా వంటి హంగులు థ్రిల్లర్‌కు మామూలే. తెలుగులో వాటితో ఒక ప్రమాదం ఉంది. ‘చ’ కింద ఒక గాటు పడితే అది ‘ఛ’లా కనిపిస్తుంది. ‘వ’కూ ‘ప’కూ మధ్య తేడా ఒక చిన్న ఖాళీయే, పగులు సరిగ్గా అక్కడ పడితే ‘చివరి’ కాస్తా ‘చిపరి’ అవుతుంది. కాబట్టి హంగును అక్షరాల మీద గుడ్డిగా చల్లకూడదు; అర్థం మోయని చోట, అంటే లావు గీత నడుములోనో ‘ఉ’ వంపులోనో పెట్టాలి.

ప్రేమకథకు వచ్చేసరికి సమస్య వేరు. ఇంగ్లీషు చేతిరాత అక్షరాల్లోని లావు సన్నాలు పాళీ ఒత్తిడి వల్ల వచ్చినవి. తెలుగు అక్షరం తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో ఒకే మందం గీతగా నడిచింది. కాబట్టి గుండ్రంగా, ఒకే మందంతో, తొందర లేకుండా సాగే గీతే మన లిపిలో సహజమైన మెత్తదనం. అక్షరాలను బలవంతంగా కలపనవసరం లేదు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే లక్కిరెడ్డి వంటి చేతిరాత ఫాంటుతో మొదలుపెట్టి, కొన్ని కొసలను చేత్తో పొడిగిస్తే చాలు.

అయితే ఏ కొసను పొడిగించవచ్చో తెలియాలి. ‘చి’ మీది గుడిని మురిపెంగా తిప్పి వదిలితే అది దీర్ఘమైపోయి ‘చీవరి’ అని చదువుకుంటారు. తలకట్టు చివర, త వత్తు తోక ఇలాంటి బాధ్యత లేనివి. ‘ఉత్తరం’లోని త వత్తును కిందికి పొడిగించి, పేరు కింద ఒక వంపు గీతలా నడిపిస్తే అక్షరం చెడదు, ఉత్తరం కింద చేసిన సంతకంలా అందం వస్తుంది. ఒక పేరులో అలాంటి పొడిగింపు ఒకటి చాలు, మహా అయితే రెండు.

చేతిరాత అనగానే చాలామందికి తోచేది బాపు రాత. అది ఫాంటుగానూ దొరుకుతుంది. కానీ ఆ రాతను చూడగానే తెలుగు పాఠకుడికి కార్టూన్లు, చతురోక్తులు, పల్లె లోగిళ్లు గుర్తొస్తాయి. సరదా ప్రేమకథకు అది చక్కగా నప్పుతుంది, విషాద ప్రేమకథకు అడ్డం వస్తుంది. మెత్తగా ఉన్న ప్రతి అక్షరమూ ఒకే మాట చెప్పదు.

మరీ సన్నని గీతలూ దెబ్బతీస్తాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలుగా ఆఫ్‌సెట్‌లో అచ్చయ్యేటప్పుడు నాలుగు రంగుల ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్న గీత పూడిపోతుంది. స్క్రీన్ మీద అందంగా కనిపించిన పేరు పుస్తకం మీద తెగిపోయి కనిపించడానికి తరచు కారణం ఇదే.

రెండు అట్టలకూ ఉమ్మడిగా ఒక సాంకేతిక చిక్కు ఉంది. ఇన్‌డిజైన్‌లో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోకపోతే ‘ఉత్తరం’లోని వత్తు విడిపోయి ‘ఉత్‌తరం’ అయ్యే ప్రమాదం ఉంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో వత్తు విడి గుర్తుగా ఉంటుంది కాబట్టి, అక్షరాల మధ్య ఎడం పెంచితే అది తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. ఎడం పెంచాక ప్రతి వత్తునూ ఒకసారి కళ్లారా చూసుకోవాలి.

ఎంపిక కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అట్టను ఒక అంగుళం వెడల్పుకు కుదించి, అదే తరహా నవలల అట్టలు పదిహేనింటి మధ్య పెట్టి, కథ తెలియని మనిషికి రెండు సెకన్లు చూపించాలి. ఇది ఏ రకం పుస్తకమని అడిగితే జవాబు తడుముకోకుండా రావాలి. ప్రేమ, హత్య రెండూ కలిసిన నవలకు ఈ పరీక్ష మరీ అవసరం. అక్కడ పాఠకుడు చివరిదాకా దేనికోసం పేజీలు తిప్పుతాడో ఆ వైపు అక్షరాలను ఉంచి, రెండో రుచిని బొమ్మకో రంగుకో వదిలేయాలి. లావైన ఇరుకు అక్షరాల్లో ఒక పదం, చేతిరాతలో ఇంకో పదం వేస్తే చూసే మనిషి రెండు సెకన్లలో రెండు పుస్తకాల పేర్లు చెబుతాడు.