బీరువా జారాలంటే చెయ్యి ఎక్కడ ఉండాలి?

ఇల్లు మారిన రోజు సామానంతా దింపేశాక హాలు మధ్యలో ఒక ఇనుప బీరువా మిగిలిపోతుంది. దాన్ని గోడ దాకా జరపాలి. ఇద్దరు మనుషులు తలుపుల వైపు నిలబడి, ఛాతీ ఎత్తున చేతులు ఆనించి గట్టిగా తోస్తారు. బీరువా కింద అంగుళం కూడా కదలదు కానీ పైభాగం అవతలికి వాలుతుంది, ఇవతలి కాళ్లు నేల మీంచి లేస్తాయి. ఎవరో కేక వేస్తారు, అందరూ కలిసి దాన్ని వెనక్కి పట్టుకుంటారు. తర్వాత అనుభవమున్న హమాలీ ఒకాయన వచ్చి కిందకి వంగి మోకాళ్ల ఎత్తున తోస్తే, అదే బీరువా కిర్రుమంటూ నేల మీద జారిపోతుంది.

మనుషుల బలం మారలేదు, బీరువా మారలేదు, నేల మారలేదు. మారింది చెయ్యి ఆనించిన ఎత్తు మాత్రమే. మోకాలికీ ఛాతీకీ మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. దాని కింద తోస్తే బీరువా జారుతుంది, పైన తోస్తే ఒరుగుతుంది. ఆ గీత ఎక్కడుందో బీరువాను ముట్టుకోకుండానే, ఒక టేపుతో, ఒక చిన్న భాగహారంతో చెప్పవచ్చు.

తోసినప్పుడు బీరువా ముందు రెండు దారులుంటాయి. జారాలంటే నేల పట్టును, అంటే ఘర్షణను, ఓడించాలి. ఒరగాలంటే తన బరువును తానే ఎత్తుకోవాలి. ఏ దారికి తక్కువ తోపు సరిపోతే బీరువా ఆ దారినే పడుతుంది.

ముందు జారడం సంగతి. నేల పట్టు మీద ఉన్న బరువుకు తగినట్టు పెరుగుతుందని, ఆనుకున్న చోటు వెడల్పా ఇరుకా అన్నది పెద్దగా లెక్కలోకి రాదని ఫ్రాన్స్‌లో గియోమ్ అమాంటన్ 1699లో ప్రకటించాడు. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో ఘర్షణ గుణకం అని చదువుకునేది ఈ నిష్పత్తినే. నాపరాళ్లు పరిచిన గదిలో ఇనుప కాళ్ల బీరువాకు ఈ గుణకం 0.4 అనుకుందాం. బీరువా బరువు 100 కిలోలైతే, దాన్ని కదిలించడానికి 40 కిలోల బరువును మోసేంత బలంతో అడ్డంగా తోయాలి. ఈ బలాన్ని ఇక్కడ సులువుగా 40 కిలోల తోపు అందాం. ఎంత ఎత్తున తోసినా జారడానికి కావలసింది ఈ 40 కిలోలే.

ఒరగడం సంగతి వేరు. ఒరిగేటప్పుడు బీరువా అవతలి కాళ్ల అంచు మీద, తలుపు బందు మీద తిరిగినట్టు తిరుగుతుంది. తోపు దాన్ని అటు తిప్పుతుంది, బరువు ఇటు వెనక్కి కూర్చోబెడుతుంది. తోపు శక్తి దాని ఎత్తు మీద ఆధారపడుతుంది, ఎంత పైన తోస్తే అంత తిప్పుతుంది. బరువు శక్తి, బీరువా నడిమి నుంచి ఆ అంచు దాకా ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. మన ఇళ్లలో కనిపించే పెద్ద బీరువాలు ఇంచుమించు 198 సెంటీమీటర్ల ఎత్తు, 92 వెడల్పు, 48 లోతు ఉంటాయి. లోతు వైపుగా తోస్తున్నాం కాబట్టి నడిమి నుంచి అంచు దాకా 24 సెంటీమీటర్లు.

ఇప్పుడు ఛాతీ ఎత్తు, అంటే 120 సెంటీమీటర్ల దగ్గర తోసి చూద్దాం. వెనక్కి కూర్చోబెట్టే శక్తి 100 కిలోలు ఇంటూ 24, అంటే 2400. దీన్ని 120తో భాగిస్తే 20. అంటే 20 కిలోల తోపుకే ఇవతలి కాళ్లు లేవడం మొదలవుతుంది. జారడానికేమో 40 కావాలి. తోపు 40 దాకా పెరగనే పెరగదు, 20 దగ్గరే బీరువా ఒరిగిపోతుంది. నేల దాని పాదాలను గట్టిగా పట్టుకుని ఉండగా తల ముందుకు వెళుతుంది. అదే 40 సెంటీమీటర్ల ఎత్తున తోస్తే ఒరగడానికి 60 కిలోల తోపు కావాలి. 40 దగ్గరే జారడం మొదలవుతుంది కాబట్టి ఒరిగే ప్రమాదం రాదు.

రెండు తోపులూ సమానమయ్యే ఎత్తు ఒకటుంటుంది. 2400ను 40తో భాగిస్తే 60. ఈ బీరువాకు, ఈ నేల మీద, 60 సెంటీమీటర్లే ఆ గీత. పెద్దవాళ్లకు మోకాలి కన్నా కాస్త పైన. సూత్రంగా రాస్తే ఇంతే:

h = b / (2μ)

ఇందులో h తోసే ఎత్తు, b తోసే దిశలో అడుగుభాగం కొలత, μ ఘర్షణ గుణకం.

ఈ సూత్రంలో బరువు లేదు. చాలామంది నమ్మడానికి తటపటాయించేది ఇక్కడే. బీరువాలో చీరలు, పుస్తకాలు నింపి బరువును 200 కిలోలు చేసినా గీత 60 దగ్గరే ఉంటుంది. జారడానికి 80 కిలోల తోపు కావాలి, 60 సెంటీమీటర్ల ఎత్తున ఒరగడానికీ 80 కిలోలే కావాలి. బరువు రెండు వైపులా ఒకేలా పెరిగి లెక్కలోంచి తప్పుకుంటుంది. బరువైన బీరువా పడదన్న ధైర్యానికి, తోసే ఎత్తు విషయంలో ఆధారం లేదు.

బరువు ఎంత అన్నది అక్కర్లేకపోయినా, అది ఏ పక్కన ఉంది అన్నది మాత్రం చాలా ముఖ్యం. సూత్రంలోని సగం లోతు అన్న మాట, బరువు సరిగ్గా నడుమ ఉందనుకుని చెప్పినది. లాకరు, తలుపుల వల్ల గరిమనాభి 4 సెంటీమీటర్లు తలుపుల వైపుకు జరిగి ఉందనుకుందాం. తలుపుల వైపు నుంచి తోస్తే అవతలి అంచు 28 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, గీత 70కి పెరుగుతుంది. వెనక నుంచి తలుపుల దిక్కుకు తోస్తే ఆ దూరం 20, గీత 50కి దిగుతుంది. అందుకే బరువు ఎక్కువున్న పక్క తోసేవాళ్ల వైపు ఉండాలి. తలుపులకు తాళం వేసి ఉండాలి, ఎందుకంటే అవతలి వైపున్న తలుపు మధ్యలో తెరుచుకుంటే గరిమనాభి ఆ పక్కకే జరుగుతుంది. కాళ్లు అంచుల నుంచి లోపలికి ఉన్న బీరువాకు పెట్టె కొలత తీసుకోకూడదు, కాళ్ల బయటి అంచుల మధ్య దూరం తీసుకోవాలి. ఒక్కో వైపు 4 సెంటీమీటర్లు లోపలికి ఉన్నా 48 కాస్తా 40 అవుతుంది, గీత 50కి వస్తుంది.

గరిమనాభి ఎంత ఎత్తున ఉందన్నదీ సూత్రంలో లేదు. ఒరగడం మొదలయ్యే క్షణానికి దానితో పని లేదు. మొదలయ్యాక మాత్రం అంతా దాని చేతిలోనే ఉంటుంది. బరువు సరిగ్గా సగం ఎత్తున ఉన్న మన బీరువా 13 డిగ్రీలు దాటి ఇంకాస్త వాలేదాకా వదిలేస్తే వెనక్కి వచ్చి కూర్చుంటుంది. బరువైన సామాను పై అరల్లో పెట్టడం వల్ల గరిమనాభి 120 సెంటీమీటర్లకు ఎక్కితే 11 డిగ్రీలు దాటగానే చెయ్యి దాటిపోతుంది. కాబట్టి ఖాళీ చేయడానికి తీరిక లేనివాళ్లు కనీసం పై అరలైనా ఖాళీ చేసుకోవాలి.

నేల మారితే గీత కూడా మారుతుంది. నున్నటి టైల్స్ మీద గుణకం 0.25 ఉంటే గీత 96 సెంటీమీటర్లకు ఎక్కుతుంది. గరుకు సిమెంటు గచ్చు మీద 0.6 ఉంటే 40కి దిగుతుంది. కాళ్లకు రబ్బరు బుష్‌లు తొడిగి ఉండి గుణకం 0.8 అయితే 30 సెంటీమీటర్లే, అక్కడ వంగి తోయడం కూడా కష్టం. నేల మీద గీతలు పడకూడదని తొడిగిన రబ్బరే బీరువాను ఒరిగిపోయేలా చేస్తుంది. సామాను మోసేవాళ్లు కాళ్ల కింద మడిచిన దుప్పటి గానీ గోనెసంచి గానీ వేయడం బరువు తగ్గించడానికి కాదు, నేల పట్టు తగ్గించడానికి. పట్టు తగ్గితే తోపూ తగ్గుతుంది, గీతా పైకి వెళుతుంది.

ఇంకా సులువైన ఉపాయం బీరువాను తిప్పి పక్క నుంచి తోయడం. అప్పుడు సూత్రంలోకి 48 బదులు 92 వస్తుంది, నాపరాళ్ల మీద గీత 115 సెంటీమీటర్లు అవుతుంది. నడుము ఎత్తున నిశ్చింతగా తోయవచ్చు. పాతకాలపు భోషాణాలు ఎక్కడ తోసినా ఒరగకపోవడానికి కారణమూ ఇదే. 0.4 ఉన్న నేల మీద గీత ఎప్పుడూ అడుగు కొలతకు ఒకటింబావు రెట్లు ఉంటుంది. 75 సెంటీమీటర్ల అడుగు, 80 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టెకు గీత 94 దగ్గర, అంటే పెట్టె తల మీద గాలిలో పడుతుంది. అడ్డంగా ఎక్కడ తోసినా అది జారుతుందే గానీ పడదు.

నేల గుణకం తెలియకపోతే ఒక అట్టపెట్టెతో కనుక్కోవచ్చు. 24 సెంటీమీటర్ల అడుగు, 60 ఎత్తు ఉన్న పెట్టెను బియ్యం ప్యాకెట్లతో ఎగుడుదిగుడు లేకుండా నింపి, ఒక కర్ర కొనతో కింది నుంచి పైకి మెల్లగా తోస్తూ వెళ్లాలి. 36 దగ్గర జారి, 40 దగ్గర ఒరిగితే గుణకం 0.30కీ 0.33కీ మధ్య ఉన్నట్టు. అయితే ఇది అట్టకూ నేలకూ ఉన్న పట్టు. బీరువాకు వాడాలంటే పెట్టె అడుగున దాని కాళ్లలాంటి ఇనుప ముక్కలో, పరచబోయే గుడ్డో అతికించాలి.

బీరువా దగ్గరే సూచన కావాలంటే ఇవతలి కాలి కింద ఒక కాగితం ముక్క పెట్టి తోయాలి. తోపు పెరిగే కొద్దీ బరువంతా అవతలి కాళ్ల మీదికి నడుస్తుంది, ఇవతలి కాళ్లు తేలికవుతాయి. బీరువా కదలక ముందే కాగితం సులువుగా ఊడి వచ్చేస్తే చేతులు గీతకు పైన ఉన్నట్టే. వెంటనే తోపు వదిలి చేతులు కిందికి దించాలి.

ఈ లెక్క అంతా నేల ఒకేలా ఉన్నంతవరకే. జారుతున్న బీరువా అవతలి కాలు గడపకో, పైకి లేచిన రాయి అంచుకో తగిలితే జారే దారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది ఒరగడమే. అప్పుడు 100 కిలోల బీరువాను 20 సెంటీమీటర్ల ఎత్తున ఒరిగించాలంటే 120 కిలోల తోపు కావాలి, మామూలుగా ఎవరివల్లా కాదు. 130 దగ్గరైతే 19 కిలోలు కూడా అక్కర్లేదు. దానికి తోడు కదులుతున్న బీరువాకు ఉన్న ఊపు కూడా తలను ముందుకు విసురుతుంది. కాబట్టి గడప దగ్గర తోయడం ఆపేయాలి. ఇద్దరు అవతలి వైపు నుంచి కాళ్లు ఎత్తి దాటించాలి, ఇంకొకరు పైన పట్టుకోవాలి.

ఈసారి బీరువా జరిపే ముందు కాళ్ల బయటి అంచుల మధ్య దూరం కొలవండి. నేల గరుకుదైతే ఆ దూరంలో మూడు వంతులు, నునుపుదైతే సరిగ్గా అంత ఎత్తున బీరువా మీద సుద్దముక్కతో గీత గీయండి. తోసే చేతులన్నీ ఆ గీత కిందే ఉండేలా చూడండి, పిల్లలను అవతలి వైపు నిలబడనివ్వకండి.