లెగ్ పీస్ లోపల ఉడికిందా?

పెనం మీద వేయించిన లెగ్ పీస్ పైకి ఎర్రగా, కరకరలాడుతూ కనిపించినా ఎముక దగ్గర పచ్చిగానే ఉండొచ్చు. అనుమానం వచ్చి కత్తితో చీలిస్తే రసం కారిపోయి ముక్క పిప్పిలా మారుతుంది. పోనీ, రంగు చూసి తేల్చుకుందామా? అదీ కుదరదు. లేత బ్రాయిలర్ కోళ్లలో ఎముక మజ్జలోని రంగు మాంసంలోకి దిగుతుంది కాబట్టి, పూర్తిగా ఉడికాక కూడా ఎముక చుట్టూ గులాబీ రంగు మిగలొచ్చు.

నమ్మదగినది సన్నని సూది ఉన్న వంట థర్మామీటరే. సూది రంధ్రం చిన్నది, పోయే రసం చాలా తక్కువ. ముక్కను పటకారుతో ఎత్తి, పక్క నుంచి బాగా మందంగా ఉన్న చోటికి సూదిని దించాలి. మొన ఎముకకు తగిలితే అంకె తప్పుతుంది. తగిలినట్టు అనిపిస్తే కాస్త వెనక్కి లాగాలి. సూదిని మెల్లగా కదిపి చూస్తే కనిపించే అతి తక్కువ అంకే అసలు లెక్క.

అది 74 డిగ్రీల సెల్సియస్ చేరితే హానికర బ్యాక్టీరియా చచ్చిపోయినట్టే. బ్రెస్ట్ ముక్కను అక్కడే దించేయాలి, లేకపోతే ఎండిపోతుంది. లెగ్ పీస్‌ను మాత్రం 80 దాటనిస్తేనే మేలు, నరాలు మెత్తబడి మాంసం ఎముకను వదులుతుంది.

ముక్కలన్నీ ఒకే సైజులో ఉండవు. అందుకే అన్నిటికన్నా పెద్దదాన్ని తప్పకుండా పరీక్షించాలి. 68 చూపిస్తే మంట తగ్గించి, మూత పెట్టి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఈలోగా పచ్చి మాంసాన్ని తాకిన సూదిని సబ్బుతో కడగడం మరవకూడదు.