ఎలక్ట్రాన్ కూడా బంతిలాగే కదులుతుందా?

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో విసిరిన బంతి ఎక్కడ పడుతుందో న్యూటన్ సూత్రంతో ముందే చెప్పొచ్చు. ఎలక్ట్రాన్ మాత్రం ఫలానా చోటే ఉందనలేం. అది దొరికే అవకాశం మబ్బులా పరుచుకుని ఉంటుంది. మరి ఆ మబ్బు సగటు చోటు బంతిలా కదులుతుందా?

సగటు ద్రవ్యవేగాన్ని (ద్రవ్యరాశి, వేగం కలిసిన ఊపు) మార్చేది సగటు బలమేనని 1927లో పాల్ ఎరెన్‌ఫెస్ట్ చూపాడు. న్యూటన్ లెక్కకు కావలసింది సగటు చోటులోని బలం. చిక్కంతా ఇక్కడే!

మబ్బు సగం 1 దగ్గర, సగం 3 దగ్గర ఉందనుకో. సగటు చోటు 2. స్ప్రింగ్‌లా దూరంతో సమానంగా బలం పెరిగితే సగటు బలమూ 2. న్యూటన్ లెక్క సరిపోయింది. బలం దూరపు ఘనంలా పెరిగితే? సగటు చోటులో 8. సగటు బలమేమో (1+27)÷2, అంటే 14. తప్పింది!

మబ్బును 1.9, 2.1కి కుదించి చూడు: సగటు బలం 8.06, దాదాపు 8. స్ప్రింగ్ లాంటి బలాలకు మబ్బు ఎంత వెడల్పున్నా ఫరవాలేదు. మిగతావాటికి మబ్బు ఇరుగ్గా ఉన్నంతసేపే న్యూటన్ లెక్క నిలుస్తుంది.