మార్చి 31 తర్వాత ఏం జరిగింది?

2019 డిసెంబర్ 31న చైనాలోని వుహాన్‌లో అంతుపట్టని న్యుమోనియా కేసుల సంగతి బయటికొచ్చింది. ప్రపంచంలో ఎన్నో కంపెనీలు లెక్కలు ముగించే రోజు కూడా అదే. ఆ కంపెనీల ఆడిట్ పూర్తయ్యేసరికి విమానాలు ఆగాయి, దుకాణాలు మూతపడ్డాయి, షేర్లు కుప్పకూలాయి. అయినా చాలా కంపెనీలు డిసెంబర్ లెక్కల్లో కోవిడ్ నష్టాన్ని చూపలేదు. దాన్ని నోట్స్‌లో వివరించి ఊరుకున్నాయి. మన దేశంలో లెక్కలు ముగిసేది మార్చి 31న. 2020 మార్చి 25 నుంచే లాక్‌డౌన్ అమల్లో ఉంది కాబట్టి, ఆ ప్రభావాన్ని ఆ ఏటి అంకెల్లోనే లెక్కగట్టాల్సి వచ్చింది.

విపత్తు ఒకటే, లెక్కకట్టిన తీరు వేరు. ఈ తేడాకు మూలం ఒక్క ప్రశ్న: ఆ పరిస్థితి లెక్కలు ముగిసిన రోజుకే ఉందా, ఆ తర్వాత పుట్టిందా?

ముందే ఉండి, దాని ఆధారం మాత్రం తర్వాత దొరికితే అంకెలు మార్చాలి. పరిస్థితే తర్వాత పుడితే అంకెలను కదపకూడదు. అది పెద్దదైతే, ఏం జరిగిందో, ఎంత నష్టమో వెల్లడించాలి. మన దేశంలో కంపెనీలకు ఈ నియమం ఎ.ఎస్. 4, ఇండ్ ఎ.ఎస్. 10 ప్రమాణాల్లో ఉంది. ఆడిటర్ దీన్నెలా పరిశీలించాలో ఎస్.ఎ. 560 చెబుతుంది.

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి కంపెనీ ఉందనుకుందాం. మార్చి 31 నాటికి ఒక కొనుగోలుదారు నుంచి దానికి 80 లక్షల రూపాయలు రావాలి. మే నెలలో ఆ వ్యాపారి దివాలా తీశాడు. మహా అయితే 20 లక్షలు చేతికొస్తాయి. ఆడిటర్ అతని ఖాతా తిరగేస్తే, జనవరి నుంచే వాయిదాలు తప్పుతున్నాయి, ఫిబ్రవరిలో ఒక చెక్కు బౌన్సయింది. అంటే మార్చి 31 నాటికే ఆ బాకీ దెబ్బతింది, మేలో వచ్చిన కబురు దాన్ని రుజువు చేసిందంతే. ఆ ఏటి లెక్కల్లోనే 60 లక్షల నష్టం రాయాలి.

అదే కంపెనీ ఏప్రిల్ 12న కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచి 3 కోట్ల సరుకును పోగొట్టుకుందనుకుందాం. నష్టం బాకీ కంటే ఎంతో పెద్దది. అయినా మార్చి 31 బ్యాలన్స్ షీట్‌లో ఆ సరుకు 3 కోట్లుగానే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజున బస్తాలు చెక్కుచెదరలేదు. ప్రమాదం సంగతి నోట్స్‌లోకి వెళ్తుంది, నష్టం మరుసటి ఏటి లెక్కల్లో పడుతుంది. దీనికో మినహాయింపు ఉంది. ఆ దెబ్బకు కంపెనీ మూతపడక తప్పదని తేలితే, వ్యాపారం కొనసాగుతుందన్న ఊహ మీద ఆ లెక్కలు వేయకూడదు.

ఇవన్నీ యాజమాన్యం వచ్చి చెబుతుందని ఆడిటర్ ఎదురుచూడడు. బోర్డు సమావేశాల మినిట్స్ చదువుతాడు. ఏప్రిల్, మే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లలో ఏ బాకీ వసూలైందో చూస్తాడు. కొనుగోలుదారుకు తర్వాత ఇచ్చిన క్రెడిట్ నోట్లు చూస్తాడు, ఎందుకంటే మార్చిలో అమ్మినట్టు రాసుకున్న సరుకు ఏప్రిల్‌లో తిరిగొచ్చి ఉండొచ్చు. నిల్వ సరుకు కొన్న ధర కంటే తక్కువకు అమ్ముడైందా, నడుస్తున్న కోర్టు కేసులో తీర్పు వచ్చిందా అని ఆరా తీస్తాడు. చివరికి, మార్చవలసినవీ చెప్పవలసినవీ అన్నీ లెక్కల్లోకి వచ్చాయని యాజమాన్యం చేత రాతపూర్వకంగా తీసుకుంటాడు.

చిక్కంతా మధ్యస్థ కేసుల్లో వస్తుంది. ఏప్రిల్‌లో మిర్చి ధర పడిపోతే, కారణం మార్చిలోనే పేరుకుపోయిన నిల్వలా, ఏప్రిల్‌లో వచ్చిన కొత్త ఆంక్షా అన్నది తేల్చాలి. మొదటిదైతే సరుకు విలువ తగ్గించాలి, రెండోదైతే అక్కర్లేదు. లాభం తగ్గకూడదనుకునే యాజమాన్యం రెండో కారణమే చెబుతుంది. అందుకే ఆడిటర్ మార్చి నాటి మార్కెట్ ధరలను కూడా తెప్పించి పోల్చుతాడు.

ఈ వెతుకులాట ఆడిట్ నివేదిక తేదీతో ఆగిపోతుంది. తర్వాత కూడా వెతుకుతూనే ఉండాలన్న బాధ్యత ఆడిటర్‌కు లేదు. కానీ ముందే తెలిసుంటే నివేదికను మార్చేదన్న విషయం చెవిన పడితే మిన్నకుండకూడదు. యాజమాన్యంతో మాట్లాడాలి, లెక్కలు సవరించాలేమో చూడాలి. వాళ్లు కదలకపోతే, ఆ నివేదికను ఎవరూ నమ్మకుండా చూసే చర్య తీసుకోవాలి. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లో జరిగింది అలాంటిదే. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటపడింది. 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివేనని అందులో ఉంది. వారం తిరగక ముందే ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్, తమ పాత నివేదికల మీద ఇక ఆధారపడవద్దని కంపెనీకి రాసింది.

ఏదైనా కంపెనీ షేర్లు కొనే ముందు వార్షిక నివేదికలో ఆడిటర్ సంతకం పక్కనున్న తేదీ చూడండి. మార్చి 31కీ ఆ తేదీకీ మధ్య జరిగినదానిపై నోట్స్‌లో ఏముందో చదవండి. లాభం అంకెలో కనిపించని అగ్నిప్రమాదం అక్కడ దొరకొచ్చు.