ర్యాంకు ఇచ్చిన షేరును ఎన్నాళ్లు ఉంచుకోవాలి?

షేర్లకు ర్యాంకులిచ్చే పద్ధతులకు ఇప్పుడు కొదవ లేదు. గత ఏడాది బాగా పెరిగినవాటిని ముందుంచేది ఒకటి, లాభాలతో పోలిస్తే చవగ్గా దొరికేవాటిని ముందుంచేది మరొకటి. ఏదైనా సరే, జాబితాలో పైనున్నవి కొనమంటుంది. వాటిని మళ్లీ ఎప్పుడు మార్చాలన్నది మాత్రం నెలకోసారనో, మూణ్ణెల్లకోసారనో అలవాటు కొద్దీ తేల్చేస్తుంటారు. దీనికి చక్కని లెక్క ఉంది. ఆ లెక్క చేసేవాళ్లలోనూ చాలామంది ఒకే చోట దారి తప్పుతారు. ఆ చోటేదో చూపించడానికే ఈ వ్యాసం.

ముందు ర్యాంకులో పస ఉందో లేదో తెలియాలి. దానికి వాడే కొలబద్ద ఇన్ఫర్మేషన్ కోఎఫిషియంట్, క్లుప్తంగా ఐసీ. ఈరోజు ఇచ్చిన ర్యాంకులు, ఆ తర్వాత వచ్చిన రాబడుల ర్యాంకులు ఎంతవరకు ఒకదానితో ఒకటి నడిచాయో అది చెబుతుంది. ఐదు షేర్లతో చేసి చూద్దాం. మనం మొదటి ర్యాంకు ఇచ్చిన షేరు నెల తిరిగేసరికి రాబడిలో మూడోది అయింది. రెండోది మొదటికి వచ్చింది. మూడోది అట్టడుగుకు పడింది. నాలుగోది రెండో స్థానానికి ఎక్కింది, ఐదోది నాలుగులో ఆగింది. తేడాలు వరసగా 2, 1, 2, 2, 1. వాటి వర్గాల మొత్తం 14. స్పియర్‌మన్ సూత్రం ప్రకారం దాన్ని 6తో హెచ్చించి 120తో భాగించి, వచ్చిన 0.7ను ఒకటిలోంచి తీసేస్తే 0.3. అదే ఆ నెల ఐసీ. అచ్చంగా కలిస్తే 1, పూర్తిగా తలకిందులైతే -1, ఏ సంబంధమూ లేకపోతే సున్నా దగ్గర.

నిజమైన మార్కెట్‌లో, వందల షేర్ల మీద, సగటున 0.03 నుంచి 0.05 వరకు నిలకడగా వస్తే అది మంచి సంకేతమే. ఇంత చిన్న అంకె ఎందుకు పనికొస్తుందంటే, పందెం ఒక్క షేరు మీద కాదు, నెలనెలా ఎన్నో షేర్ల మీద పడుతుంది. రిచర్డ్ గ్రినోల్డ్ 1989లో చెప్పిన సూత్రం ఇదే: నైపుణ్యం కొంచెమే అయినా, దాన్ని విడివిడి పందేల మీద ఎన్నిసార్లు వాడగలిగితే ఫలితం అంత నమ్మకంగా ఉంటుంది. అయితే ఒక్క నెల అంకెను చూసి సంబరపడకూడదు. 200 షేర్ల మీద, ఏ సంకేతమూ లేకుండా ఊరికే ర్యాంకులిచ్చినా ఐసీ ఒక నెల 0.07, మరో నెల -0.07 రావడం మామూలే. చాలా ఏళ్ల సగటు కావాలి.

ఇప్పుడు అసలు విషయం. సంకేతం ఇచ్చిన తొలి నెలలో ఐసీ ఎంత, రెండో నెలలో ఎంత, మూడో నెలలో ఎంత అని విడివిడిగా కొలుస్తూ పోతే, అది అరిగిపోయే తీరు కనిపిస్తుంది. లెక్క కోసం ఒక ఊహా సంకేతాన్ని తీసుకుందాం. మొదటి నెల 0.05, ఆపై 0.04, 0.03, 0.02, 0.01, ఆరో నెలకు సున్నా.

చాలామంది ఇలా విడగొట్టి చూడరు. ఒక నెల రాబడితో ఐసీ, రెండు నెలల మొత్తం రాబడితో ఐసీ, ఇలా కూడబెట్టిన రాబడితో కొలుస్తారు. మన సంకేతాన్నే అలా కొలిస్తే ఒక నెలకు 0.05, రెండు నెలలకు సుమారు 0.064, మూడుకు 0.069, నాలుగుకు 0.070, ఆ తర్వాత తగ్గుముఖం. శిఖరం నాలుగో నెల దగ్గరుంది కాబట్టి నాలుగు నెలలు ఉంచుకోవడమే మేలని తీర్పు చెప్పేస్తారు. దారి తప్పేది ఇక్కడే. వ్యవధి పెరిగేకొద్దీ పాత నెలల సమాచారం పోగుపడటం వల్ల ఆ అంకె పెరిగిందే తప్ప, నాలుగో నెలలో సంకేతం బలంగా ఉన్నందువల్ల కాదు. దాని బలం అప్పటికి మొదటి నెలలో ఉన్నదానిలో సగం కూడా లేదు. పైగా నాలుగు నెలల రాబడిని నెలనెలా కొలిస్తే పక్కపక్క కొలతల్లో మూడేసి నెలలు ఉమ్మడిగా ఉంటాయి. అరవై కొలతలున్నట్టు కనిపించినా వాటిలో విడివిడి సాక్ష్యాలు పదిహేనే.

మరి ఏం చూడాలి? చేతిలో ఉన్న షేర్ల సంకేతం సగటున ఎంత తాజాగా ఉందో చూడాలి. నెలకోసారి మారిస్తే సగటు ఐసీ 0.05. రెండు నెలలకోసారి అయితే 0.045, మూడు నెలలకు 0.04, నాలుగుకు 0.035. దీన్ని రాబడిగా మార్చడానికి రెండు అంకెలు కావాలి. ఒక నెలలో షేర్ల రాబడులు సగటు నుంచి ఎంత చెదురుతాయన్నది ఒకటి, 10 శాతం అనుకుందాం. జాబితాలో పై ఐదో వంతు షేర్ల స్కోరు సగటు కంటే ఎంత ఎత్తున ఉందన్నది రెండోది, సుమారు 1.4. రెంటినీ ఐసీతో హెచ్చిస్తే నెలకు మార్కెట్ కంటే అదనంగా వరసగా 0.70, 0.63, 0.56, 0.49 శాతం. ఖర్చే లేని లోకంలో ఎంత తరచుగా మారిస్తే అంత మంచిది.

కానీ ఖర్చుంది. మన దేశంలో డెలివరీ షేర్ల మీద సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. కొనేవారికి స్టాంపు సుంకం 0.015 శాతం. ఇవి కనిపించేవి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎడం, మన ఆర్డరు వల్లే ధర కదలడం కనిపించవు, చిన్న కంపెనీల్లో ఇవే ఎక్కువ. అన్నీ కలిపి కొని అమ్మడానికి 0.8 శాతం అనుకుందాం. నెలకోసారి మారిస్తే జాబితాలో 40 శాతం షేర్లు మారతాయనుకుంటే నెలకు ఖర్చు 0.32 శాతం, మిగిలేది 0.38. రెండు నెలలకోసారి 60 శాతం మారితే ఖర్చు నెలకు 0.24, మిగిలేది 0.39. మూడు నెలలకోసారి 75 శాతం మారితే మిగిలేది 0.36. నాలుగుకు 85 శాతం మారితే 0.32. అంటే ఐసీ శిఖరం చూపిన నాలుగు నెలలు ఈ నాలుగింటిలో అట్టడుగున తేలింది.

అదే సంకేతం, ఖర్చు సగమై 0.4 శాతానికి దిగితే నెలకోసారి మార్చడమే మేలవుతుంది. రెట్టింపై 1.6 శాతానికి చేరితే మూడు నెలలు ముందుకొస్తుంది, తేడా మాత్రం వెంట్రుకవాసే. కాబట్టి ఒక సంకేతానికి అందరికీ చెల్లే ఒకే వ్యవధి ఉండదు. పెద్ద కంపెనీల షేర్లు కొనేవారికి ఒకటి, చిన్నవి కొనేవారికి మరొకటి. ఆదాయపు పన్ను ఈ పోలికను మార్చదు. 2024 జులై 23 నుంచి ఏడాదిలోపు అమ్మిన లాభం మీద 20 శాతమే కాబట్టి, ఒక నెలైనా నాలుగు నెలలైనా రేటు ఒకటే.

సంకేతాలన్నీ ఇలా మెట్లు దిగినట్టు తగ్గవు. జెగదీశ్, టిట్‌మన్ 1993లో అమెరికా షేర్ల మీద చేసిన మొమెంటం అధ్యయనం ఇందుకు సాక్ష్యం. గడిచిన 3 నుంచి 12 నెలల్లో బాగా పెరిగినవి తర్వాతి 3 నుంచి 12 నెలల్లోనూ ముందుండటం వాళ్లు చూశారు. ఆ ఏడాది దాటాక వచ్చిన లాభంలో కొంత తిరిగి పోయింది. మరోవైపు, ఒక్క నెల రాబడిని చూస్తే గెలిచినవి మరుసటి నెల వెనకబడతాయని జెగదీశ్ 1990లోనే చూపించారు. అందుకే మొమెంటం లెక్కలో చివరి నెలను వదిలేయడం ఆనవాయితీ అయింది. అప్పటి అధ్యయనంలో మరో మంచి పద్ధతి ఉంది. ఆరు నెలలు ఉంచుకోవాలంటే అంతా ఒక్కరోజే మార్చకుండా నెలకు ఆరో వంతు చొప్పున మార్చారు. ఏ తేదీన మార్చామన్న అదృష్టం మీద ఫలితం అప్పుడు ఆధారపడదు.

మన నిఫ్టీ 200 మొమెంటం 30 సూచీ కూడా ఆరు, పన్నెండు నెలల ధరల కదలికను చూసి, జూన్, డిసెంబరుల్లో ఏడాదికి రెండుసార్లే మారుతుంది.

మీ సంకేతానికి లెక్క చేసేటప్పుడు నెలలవారీ ఐసీని విడివిడిగా గీయండి. మీరు నిజంగా చెల్లించే ఖర్చును, మీ జాబితాలో నిజంగా మారే షేర్ల శాతాన్ని అందులో పెట్టండి. రెండు వ్యవధుల మధ్య తేడా నెలకు 0.01 శాతంలా సన్నగా తేలితే, తక్కువసార్లు కొని అమ్మాల్సిన వ్యవధినే ఎంచుకోండి. అరుగుదల అంచనాలో తప్పుండవచ్చు కానీ, కట్టాల్సిన ఖర్చు మాత్రం తప్పదు.