శుక్రవారం జూపార్కు... బుధవారమే సందేశం

నల్లగొండలోని ఒక బడి అయిదో తరగతి పిల్లల్ని శుక్రవారం హైదరాబాద్ జూపార్కుకు తీసుకెళ్తోందనుకుందాం. ఖర్చు, వివరాలు రాసిన కాగితం పది రోజుల కిందటే ఇళ్లకు పంపారు. అది ఇప్పుడు ఎవరింట్లో ఏ పుస్తకం కింద ఉందో చెప్పలేం. అందుకే మరోసారి గుర్తుచేయాలి.

అయితే పాత కాగితాన్నే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరూ చదవరు. తల్లిదండ్రులు ఇంకా చేయాల్సిన పనులు మాత్రమే ఈ సందేశంలో ఉండాలి. గురువారం రాత్రి పంపితే సంతకం చేసిన చీటీ ఇవ్వడానికీ, అయిపోయిన మందు కొనడానికీ వ్యవధి ఉండదు. బుధవారం సాయంత్రం ఏడింటికి పంపితే ఒక రోజు చేతిలో ఉంటుంది. ఇలా రాయొచ్చు:

“నమస్కారం. శుక్రవారం జూపార్కు యాత్ర.
అనుమతి: సంతకం చేసిన చీటీ గురువారం మధ్యాహ్నంలోగా క్లాస్ టీచరుకు అందాలి. చీటీ ఇవ్వని పిల్లలకు ఆ రోజు బడిలోనే పాఠాలు ఉంటాయి.
వెంట: యూనిఫాం, ఐడీ కార్డు, టోపీ, స్టీలు సీసాలో నీళ్లు, మధ్యాహ్నానికి పులిహోర లాంటి భోజనం. ఫోన్లు, నగలు వద్దు.
మందులు: పేరు, మోతాదు, వేళ రాసి టీచరు చేతికే ఇవ్వండి.
బస్సు: ఉదయం 6.30కి బడి గేటు దగ్గర బయల్దేరుతుంది.
తిరిగి రాక: సాయంత్రం 6.30కి, అదే గేటు దగ్గరికి. చీటీలో పేరున్నవారికే పిల్లల్ని అప్పగిస్తాం. మార్పు ఉంటే 4 గంటల్లోగా క్లాస్ టీచరుకు ఫోన్ చేయండి.”

ఇందులో తరచూ తగాదా వచ్చేది చీటీ దగ్గరే. “గ్రూపులో ఓకే పెట్టాం కదా” అంటారు. ఆ ఓకే వల్ల పిల్లాడు వస్తున్నాడని తెలుస్తుంది, అంతే. వాడికి ఆయాసం ఉందా, ఏ మందు పడదు, అమ్మానాన్నల ఫోను కలవకపోతే ఎవరికి చేయాలి, సాయంత్రం ఎవరొస్తారు అన్నవి చీటీలోనే ఉంటాయి. ఆ చీటీల కట్ట టీచరుతో పాటు బస్సులో ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు. సంతకం తీసుకున్నంత మాత్రాన బడి బాధ్యత తీరిపోయినట్టు కూడా కాదు.

సర్దే విషయంలో రెండు సంగతులు చెబితే చాలు. పెరుగన్నం ఎండలో బస్సులోనే పులిసిపోతుంది. పులిహోరైతే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. బస్సులో వాంతులయ్యే పిల్లల గురించి ముందే చెబితే ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెడతారు. వాళ్లకు పొద్దున తేలికగా పెట్టాలి. డాక్టరు మాత్ర రాసి ఉంటే బస్సు కదిలాక వేస్తే పెద్దగా పనిచేయదు, బయల్దేరే ముందే వేయాలి.

భద్రతలో టీచర్ల పని లెక్క. బస్సు ఎక్కిన ప్రతిసారీ పేరు పిలిచి, ముఖం చూసి సరిపోల్చుకోవాలి. తల్లిదండ్రుల పని ముందు రోజు రాత్రి ఇంట్లో ఉంది: తప్పిపోతే వెతుక్కుంటూ తిరగొద్దని, ఉన్నచోటే నిలబడి యూనిఫాంలో ఉన్న జూ సిబ్బందికి ఐడీ కార్డు చూపించమని పిల్లలకు చెప్పాలి. కార్డు మీద యాత్రకు వెళ్తున్న టీచరు సెల్ నంబరు ఉండాలి. బడి ల్యాండ్‌లైను ఉంటే సాయంత్రం ఆరు దాటాక ఎత్తేవారుండరు.

పొరపాట్లు ఎక్కువ జరిగేది తిరిగొచ్చేటప్పుడే. ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో బస్సు గంట ఆలస్యం కావచ్చు. అందుకని నార్కెట్‌పల్లి దాటగానే ఇంకో సందేశం పంపాలి. అక్కడి నుంచి నల్లగొండకు సుమారు 20 కిలోమీటర్లు కాబట్టి అది చూసుకుని ఇంటి నుంచి బయల్దేరితే సరిపోతుంది. “మా ఇల్లు దారిలోనే సార్, అక్కడే దింపేయండి” అని అడిగేవారు ప్రతి బస్సుకూ ఉంటారు. ఒక్కరిని దింపినా లెక్క మారుతుంది, చీకట్లో రోడ్డు దాటాల్సింది ఆ పిల్లాడే. గేటు దగ్గర తప్ప దింపబోమని ముందే రాసేస్తే మొహమాటం ఉండదు. నాన్న బదులు బాబాయి వస్తే, పిల్లాడు గుర్తుపట్టినా సరే, నాన్నకు ఫోన్ చేసి అడిగాకే పంపాలి. అప్పగించిన వేళ రాసి సంతకం తీసుకోవాలి.

ఇంట్లో చదవలేని పెద్దలుంటే ఇదే సందేశాన్ని టీచరు నిమిషంలో వాయిస్‌గా చెప్పి పంపొచ్చు. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేది చాలా ఇళ్లలో తాతయ్యో నాయనమ్మో కాబట్టి, వేళ, చోటు రెండుసార్లు చెప్పాలి.